పాతిక మాటల జాగా

ఉమ ఫోన్ చేసి, "మీ గురించి మూడు సైజుల్లో రాసివ్వాలండీ" అన్నప్పుడు నేను పప్పుకి తాలింపు పెడుతున్నాను. ఆవాలు కాస్తా మాడిపోయాయి. ఆ వారమంతా మా ఇంట్లో రోజుకొకటి మాడుతూనే ఉంది.

ఉమ విజయవాడలో నా పుస్తకం వేస్తున్న ప్రచురణ సంస్థలో ఎడిటరు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు గానీ ఏ మాటా అనవసరంగా వాడదు. నా కథలు పధ్నాలుగూ ఏరి, వరస పెట్టి, "గడ్డిలో మాగిన కథలు" అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లే. పాతికేళ్ళు అటక మీద వారపత్రికల కట్టల్లో పడున్న కథలు పుస్తకమవుతాయంటే, ఆ పిల్ల ఏం చెప్పినా చెయ్యడానికి నేను సిద్ధం. కానీ ఇదేంటి, మూడు సైజులు? జాకెట్లా?

"పుస్తకం వెనక అట్ట మీద నలభై మాటలు. అంతకు మించితే అక్షరం చిన్నదైపోతుంది, ఎవరూ చదవరు. మా వెబ్‌సైట్‌కి రెండొందల మాటలు. ఆదివారం మీ ఊళ్ళో ఆవిష్కరణ సభకి కార్యక్రమపత్రం వేస్తున్నారుగా, దానికి పాతిక మాటలు. సభలో పైకి కూడా చదువుతారు కాబట్టి చిన్న చిన్న వాక్యాలుండాలి. మూడింట్లోనూ 'నేను' అని రాయకూడదండీ, 'ఆవిడ' అని రాయాలి."

"నా గురించి నేనే ఆవిడ అనుకోవాలా?"

"అవునండీ. ఇంకోటి. అట్ట ఒకసారి ప్రింటయితే మార్చలేం. వయసు, ఇప్పుడు రాస్తున్న కథ, రేపు మారిపోయేవేవీ దాని మీద వద్దు. వెబ్‌సైట్ అయితే ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. కానీ అక్కడ కూడా జనం మొదటి రెండు వాక్యాలే చదివి వెళ్ళిపోతారు. అసలు సంగతి ముందే పెట్టండి."

"అసలు సంగతి ఏంటి?"

"అది మీరే చెప్పాలి" అని నవ్వి, "అట్టది బుధవారానికి కావాలి" అని పెట్టేసింది.

అసలు సంగతి! ఆ మాట చెవిలో జోరీగలా పట్టుకుంది. వసారాలో అటూ ఇటూ తిరిగాను. వేళ్ళ మీద మాటలు లెక్కపెట్టాను. 'అన్నపూర్ణ నూజివీడులో ఉంటారు' అన్న మూడు మాటలయ్యేసరికి నాకే విసుగొచ్చింది. ఎవరికి కావాలి నేనెక్కడుంటే?

మా ఆయన శేషగిరిరావుగారికి మామిడికాయల వ్యాపారం. బస్టాండు వెనక మాకు యార్డుంది. మధ్యాహ్నం భోజనానికొచ్చి సంగతి విని చెయ్యి కడుక్కోకుండానే సలహా ఇచ్చారు.

"యార్డు పేరు వెయ్యి. ఫోన్ నంబరు కూడా. చదివినవాడికి కాయలు కావాలనిపిస్తే?"

"పుస్తకం వెనకాలా! సిగ్గులేకపోతే సరి."

"సిగ్గేంటే? అందులో ఉన్నదంతా మన యార్డేగా" అన్నారాయన. మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఎక్కడో చుర్రుమంది.

సాయంత్రానికి మా బావగారు దిగారు. మా ఆయన అన్నగారు వెంకటకృష్ణారావుగారు, హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఊరి సాహితీ సమితికి కార్యదర్శి. ఆదివారం సభ ఆయన చేతి మీదే జరుగుతోంది, కార్యక్రమపత్రం ఆయనే వేయిస్తున్నారు. నన్నడక్కుండానే నా పరిచయం రాసుకొచ్చేశారు. చదివి వినిపించారు. అందులో ముందు మా మామగారున్నారు, తర్వాత మామిడి వర్తక ప్రముఖులైన మా ఆయనున్నారు, మధ్యలో ప్రధానోపాధ్యాయులుగా ఎన్నో తరాల్ని తీర్చిదిద్దిన తనున్నారు. నా పేరు కోసం వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. నలభై మూడో మాట నేను.

"బావగారూ, పాతిక మాటలే రాయాలిట. నేనొచ్చేసరికే నలభై మూడయ్యాయి."

"వంశం చెప్పకుండా మనిషి గురించి ఏం చెబుతామమ్మా? శుభలేఖ అయినా తల్లిదండ్రుల పేర్లు లేకుండా వేస్తామా?"

"ఇది పెళ్ళి కాదండీ."

"నీ ఇష్టం. పాతికలో నువ్వే రాసివ్వు, శుక్రవారం ప్రింటుకిస్తా" అని కాఫీ తాగి వెళ్ళారు. కోపమొచ్చిందని తెలుస్తూనే ఉంది. నాకూ వచ్చింది. ఆయన కాగితంలో లేనిదాని మీద కాదు, ఉన్నదాని మీదే. ఆ తేడా నాకు గురువారానికి గానీ తెలియలేదు.

ఇక్కడో సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని పాతికేళ్ళు చూశాను. ఇక కుదరదు.

ఎనభై అయిదు వేసవిలో నాకు ఇరవయ్యారేళ్ళు. మధ్యాహ్నం యార్డుకి మజ్జిగ కుండ పట్టుకెళ్ళడం నా పని. కూలీలకు మజ్జిగ పోసి వచ్చేయాలి. నేను వచ్చేదాన్ని కాదు. అక్కడ లేయా ఉండేది. రసాలూ బంగినపల్లీ రాశులు పోస్తే పదిమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఏరేవాళ్ళు. లేయా కాయని చేత్తో పట్టుకుని, తొడిమ దగ్గర బొటనవేలితో ఒక్కసారి తడిమి, "ఇది ఆరు రోజులు, ఢిల్లీ గంపలోకి. ఇది రెండు రోజులు, బెజవాడకి" అనేది. ఒక్కటీ తప్పేది కాదు. కాయలేరుతూ, గంపల్లో గడ్డి పరుస్తూ కథలు చెప్పేది. ఢిల్లీ పోయే గంపలో గడ్డి కింద చీటీ పెట్టిన పిల్ల కథ. ఆ చీటీకి జవాబు మరుసటి ఏడు ఖాళీ గంపలో తిరిగొచ్చిన కథ. మొగుడు చచ్చాడని ఏడుస్తూ కూడా దెబ్బతిన్న కాయని మంచి రాశిలోంచి ఏరి పక్కన పెట్టిన ముసలమ్మ కథ. మజ్జిగ వేడెక్కిపోయేది, నేను కదిలేదాన్ని కాదు.

ఇంటికొచ్చి రాసేదాన్ని. ఊరికే రాయలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. ముందువెనకలు మార్చాను, పేర్లు మార్చాను, ఎక్కడ ఆపాలో చూసుకున్నాను. అది కూడా పనే. కానీ పుస్తకంలో ఉన్న పధ్నాలుగింట్లో తొమ్మిది లేయా కథలు. ఆవిడ చెప్పకపోతే నాకా కథలు లేవు.

మొదటి కథ వారపత్రికలో అచ్చయిన రోజు యార్డుకి పట్టుకెళ్ళి చూపించాను. లేయాకి చదవడం వచ్చు, చిన్నప్పుడు చర్చిలో నేర్చుకుంది. వాక్యం కింద వేలు పెట్టి అందరికీ వినపడేలా చదివింది. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. చివర 'అన్నపూర్ణ' అన్నచోట వేలు ఆగింది. తలెత్తి, "ఇంకో పేరు పట్టదాండీ అమ్మగారూ కింద?" అంది. దెప్పడం కాదు. గంపలో ఇంకో కాయ పడుతుందా అన్నట్టు అడిగింది.

"పట్టదు లేయా. పత్రికవాళ్ళు ఒక్క పేరుకే జాగా ఇస్తారు" అన్నాను.

అబద్ధం. పత్రికవాళ్ళని నేను అడిగితేగా! ఆవిడ "ఓహో" అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కథలు చెప్పడమూ మానలేదు. మానేసుంటే బాగుండేది, నాకు బుద్ధొచ్చేది.

మంగళవారం రాత్రీ పగలూ కుస్తీపట్టి రెండొందల మాటలది ముందు రాశాను. పెద్దది రాసుకుని అందులోంచి చిన్నవి కోసుకోవచ్చనుకున్నాను. పుట్టిన ఊరు ముసునూరు, చదువు, పెళ్ళి, బహుమతి, అన్నీ వచ్చాయి. నూట అరవై మాటలు దాటాక ఒక వాక్యం పెట్టాను: 'యార్డులో పనిచేసిన లేయా చెప్పిన కబుర్లు ఆవిడకు స్ఫూర్తినిచ్చాయి.' స్ఫూర్తి! ఎంత ఉతికి ఆరేసిన మాట! ఆ మాట కింద తొమ్మిది కథలు దాచేశాను. అయినా రాసేశాగా, పేరు పెట్టాగా అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత అట్టకి కోయడం. కోసిన వాక్యాల్లో మొదటిది అదే. అట్ట మీదికి వెళ్ళింది ఇదీ:

'నూజివీడు మామిడి వర్తక కుటుంబంలో కోడలిగా అడుగుపెట్టిన అన్నపూర్ణ పాతికేళ్ళుగా కథలు రాస్తున్నారు. కాయల యార్డులో విన్న మాటలు, చూసిన మనుషులు ఆవిడ కథలకు ముడిసరుకు. వారపత్రికల్లో వచ్చిన పధ్నాలుగు కథలతో ఇది ఆవిడ మొదటి పుస్తకం. జిల్లా స్థాయి కథల పోటీలో బహుమతి అందుకున్నారు. భర్త శేషగిరిరావుతో నూజివీడులోనే ఉంటున్నారు. మామిడి తోటలంటే ఇష్టం.'

లెక్కపెడితే ముప్ఫై ఏడే వచ్చి, ఆ చివరి మూడు మాటలూ నింపాను. నలభై సరిగ్గా సరిపోయిందని మా ఆయనకి చదివి వినిపించాను కూడా. వెబ్‌సైట్‌దీ, ఇదీ ఉమకి ఫోన్లో చెప్పాను. రాసుకుని, "ఎవరి మాటలండీ విన్నది?" అంది.

"అందరివీ" అన్నాను.

"సరేనండీ."

గురువారం పొద్దున్న అట్ట నమూనా మా యార్డుకి వచ్చింది, విజయవాడ నుంచి వస్తున్న ఎవరో తెలిసినాయన చేత ఉమ పంపింది. రంగుల్లో నా ఫోటో, పక్కనే ఆ నలభై మాటలు. ఉమకి ఫోన్ చేసి తప్పుల్లేవు, కానివ్వమన్నాను. "అయితే ప్రెస్సుకి చెప్పేస్తాను" అంది. ఆ నమూనా సంచీలో పెట్టుకుని ఆగిరిపల్లి బస్సెక్కాను, లేయాని సభకి పిలవడానికి. పిలవాలనే ఉంది నాకు. నా మీద నాకు అంత నమ్మకం మరి!

లేయా కూతురింట్లో ఉంటోంది. డెబ్బై దాటాయి. చూపు కొంచెం తగ్గింది, మనిషి ఎండింది, గొంతు మాత్రం అదే. నన్ను చూసి లేవబోయి, "అమ్మగారూ! రండి రండి. ఇంత ఎండలో ఏంటండీ?" అని కూతుర్ని కుర్చీ తెమ్మంది. గడప పక్కన నాలుగు రసాలు గడ్డిలో పెట్టున్నాయి. వాటిలో ఒకటి తీసి తడిమి, "ఇది రేపు తినండి, ఇయ్యాల కాదు" అని నా చేతిలో పెట్టింది.

పుస్తకం వస్తోందని చెప్పాను. నమూనా ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టింది. అదే చదవడం. 'యార్డులో విన్న మాటలు' దగ్గర మొహం విప్పారింది. అక్కడి నుంచి వేలు నెమ్మదిగా కదిలింది. 'మామిడి తోటలంటే ఇష్టం' దాకా చదివి ఆగింది. అట్ట తిప్పి చూసింది. లోపలి వైపు తెల్లగా ఉంది. మళ్ళీ ఇటు తిప్పింది.



"బాగుందండీ అమ్మగారూ. ఫోటో బాగా పడింది" అంది. కాసేపటికి, "జాగా సరిపోయుండదులే" అంది.

ఆవిడ నన్ను ఓదారుస్తోంది! పాతికేళ్ళ కిందట నేను చెప్పిన అబద్ధాన్ని జాగ్రత్తగా దాచి, నాకు అవసరమొచ్చిందని తీసి ఇస్తోంది.

"ఇంటర్నెట్లో నీ పేరుంది లేయా. అక్కడ రెండొందల మాటలు. అందులో రాశాను" అన్నాను గబగబా.

"అదెక్కడుంటదండీ?"

ఏం చెప్పను? ఆ ఇంట్లో కంప్యూటరు లేదు, ఆ వీధిలోనే లేదు. ఎవరికీ కనపడని చోట, ఎవరూ చదవని నూట అరవయ్యో మాట తర్వాత పెట్టానని చెప్పనా?  సిగ్గుతో చచ్చిపోయాను.

"లేయా, నీ గురించి రాయాలంటే ఏం రాయమంటావు?" అన్నాను చివరికి.

నేను మూడు రోజులు వసారాలో తిరిగిన ప్రశ్న అది. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"లేయా కాయ పట్టుకుని ఎన్నాళ్ళకు పండుద్దో చెప్పుద్ది. కథలు చెప్పుద్ది. ఇంకేముందండీ నా గురించి?"

బస్టాపు దాకా నడుస్తూనే ఉమకి ఫోన్ కలిపాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను.

"ఉమా, అట్ట ఆపు. మార్చాలి."

"పొద్దున్న మీరు సరే అన్నారుగా అండీ. పదిన్నరకే మెషీనెక్కింది. వెయ్యి కవర్లూ దిగిపోయాయి."

"చించెయ్యి. మళ్ళీ వేయించు. ఖర్చు నేనిస్తా."

"డబ్బు సంగతి కాదండీ. ప్రెస్సులో మళ్ళీ ఖాళీ లేదు, ఆదివారానికి పుస్తకం రాదు. సభ ఆపుకుంటారా?" అని, "ఏమైందండీ?" అంది మెల్లిగా.

రోడ్డు మీద నిలబడి చెప్పేశాను. తొమ్మిది కథల సంగతి, పత్రికవాళ్ళ జాగా అబద్ధం, స్ఫూర్తి, అన్నీ. సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి మరీ విన్నాడు. విననీ.

ఉమ అంతా వింది. తర్వాత, "రెండో ముద్రణకి అట్ట మారుద్దాం. వెబ్‌సైట్ ఈ రాత్రికే మారుస్తాను. మీరు కొత్తది చెప్పండి" అంది. "కానీ పెద్దదాన్ని కోయకండి ఈసారి. కోస్తే మీకు ఏది అడ్డమో అదే పోతుంది. ముందు పాతిక మాటలది రాయండి. అందులో ఏది లేకపోతే కుదరదో అదే పెట్టండి. మిగతావి దానికి చేరుస్తూ పొండి."

ఆగిరిపల్లి నుంచి నూజివీడు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని టిక్కెట్టు వెనక రాశాను. రాయడానికి పావుగంట కూడా పట్టలేదు.

'లేయా మామిడి యార్డులో కాయలేరుతూ ఈ కథలు చెప్పారు. అన్నపూర్ణ రాశారు. లేయా కాయ పట్టుకుని ఎన్నాళ్ళకు పండుతుందో చెప్పగలరు. అన్నపూర్ణ చెప్పలేరు.'

వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదిహేడు. నమ్మకం కలక్క మళ్ళీ లెక్కపెట్టాను. పదిహేడే. పాతికలో ఇంకా ఎనిమిది మాటలకి జాగా ఉంది. బస్సులో అందరి ముందూ కళ్ళనీళ్ళు కారిపోయాయి. అట్ట మీద నలభై మాటలు! 'మామిడి తోటలంటే ఇష్టం' అనడానికి జాగా దొరికింది నాకు. ఒక్క పేరుకి దొరకలేదు. నన్ను నేను రెండు లెంపలూ వాయించుకోవాలనిపించింది.

శుక్రవారం పొద్దున్నే బావగారింటికి వెళ్ళి కాగితం చేతికిచ్చాను. మా ఆయన్ని కూడా వెంటబెట్టుకెళ్ళాను, ఎందుకైనా మంచిదని. బావగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"ఇదేంటమ్మా? నీ పరిచయంలో కూలిమనిషి పేరు మొదట వచ్చిందేంటి?"

"కథలు ఆవిడవే కాబట్టి."

"కథలన్నాక ఎక్కడో విని రాస్తారు. చెప్పినవాళ్ళందర్నీ వేదికెక్కిస్తామా? అయినా 'చెప్పారు', 'చెప్పగలరు' ఏంటి? ఊళ్ళో పెద్దలొస్తున్నారు. ఎమ్మార్వోగారొస్తున్నారు. నేను పైకి చదవాలి ఇది."

"చదవండి. చదవడానికి వీలుగానే రాశాను. వాక్యానికి ఏడెనిమిది మాటలు మించలేదు."

"నేను చదవను. కావాలంటే చివర్లో చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు అని..."

"వద్దు! చిన్న అక్షరాలూ వద్దు, చివరా వద్దు! పాతికేళ్ళు చివర్లోనే పెట్టాను నేను" అని అరిచాను. బావగారి ముందు గొంతెత్తడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. లోపల్నుంచి తోడికోడలు కూడా వచ్చి నిలబడింది. "నా పేరు తీసెయ్యండి కావాలంటే. ఆవిడ పేరు తీస్తే మాత్రం ఆదివారం నేను రాను. ఖాళీ కుర్చీకి శాలువా కప్పుకోండి."

బావగారు తమ్ముడి వైపు తిరిగారు, నువ్వైనా చెప్పరా అన్నట్టు. మా ఆయన గోడకానుకుని గోళ్ళు చూసుకుంటున్నారు.

"లేయానేగా అన్నయ్యా?" అన్నారు నింపాదిగా. "పద్దెనిమిది వేసవులు రోజూ పొద్దున్న ఆ పేరు పిలిచాను నేను. మొదటి పేరు అదే పిలిచేవాణ్ణి. ఇప్పుడు నువ్వొక్కసారి పిలిస్తే ఏం పోయింది?" అని, నా వైపు తిరిగి, "మన యార్డు పేరు అక్కర్లేదులే. యార్డులో అని వేశావుగా, చాలు" అన్నారు.

ఆయనకి మొదట్నుంచీ తెలుసు! ఒక్కనాడూ అనలేదు. అడగనందుకు తిట్టాలో, ఇప్పుడన్నందుకు దణ్ణం పెట్టాలో తెలియలేదు నాకు.

మా యార్డులో పొద్దున్న ఆరింటికి పేర్ల పిలుపు ఉండేది. మా ఆయన గుమ్మంలో నిలబడి ఒక్కో పేరూ పిలిచేవారు. రాశి వెనకున్నా, గడ్డి మోపు కింద ఉన్నా, "ఉన్నానండీ" అని పలకాలి. పలకకపోతే ఆ రోజు రానట్టే లెక్క. లేయా గొంతు యార్డు అవతలి గోడకి కొట్టుకుని తిరిగొచ్చేది.

బావగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వేయిస్తాననీ అనలేదు, వేయించననీ అనలేదు. శనివారమంతా నాకు కాలు నిలవలేదు. ఏ వాహనం ఆగినా గేటు దాకా వెళ్ళొచ్చాను. పాలు రెండుసార్లు పొంగబెట్టాను. మా ఆయన, "ఇవాళ హోటల్నించి తెచ్చుకుందామా?" అన్నారు.

ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో సభ. మెట్ల దగ్గర చేతిలో పెట్టిన కార్యక్రమపత్రం తీసుకుని, చదవడానికి ధైర్యం చాలక మడిచే పట్టుకుని వేదికెక్కాను. ఉమ పుస్తకాల కట్ట దించుతూ నా వైపు చూసి తలూపింది. కట్ట విప్పగానే వెయ్యిలో మొదటి యాభై అట్టలు బయటపడ్డాయి. మామిడి తోటలంటే ఇష్టం, మామిడి తోటలంటే ఇష్టం. వరసగా పేర్చి ఉన్నాయి.

లేయా చర్చి చీర కట్టుకుని కూతురితో వచ్చింది. ముందు వరసలో కుర్చీ చూపిస్తే, "వద్దండీ, ఇక్కడ గాలాడుద్ది" అని చిట్టచివర తలుపు పక్కన కూర్చుంది. నేను వేదిక మీంచి దిగి వెళ్ళి లాక్కురావాల్సింది. వెళ్ళలేదు. 

ప్రార్థనాగీతం అయింది. బావగారు మైకు ముందుకొచ్చారు. అప్పుడు విప్పాను. మొదటి మాటే 'లేయా'. పదిహేడు మాటలూ, అక్షరం పోకుండా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయి.

"ఇప్పుడు రచయిత్రి పరిచయం" అన్నారు బావగారు. జనం చేతుల్లో అదే కాగితం ఉంది. ఆయన ఏం దాటేసినా తెలిసిపోతుంది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో హాజరు పిలిచిన మనిషి, మైకు సర్దుకున్నారు, ఎమ్మార్వోగారి వైపు ఒకసారి చూశారు, గొంతు సవరించుకున్నారు.

"లేయా" అని ఆగిపోయారు.

తర్వాతి మాట పెగలడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. 

"ఉన్నానండీ!"

తలుపు దగ్గర్నించి, ఎదుటి గోడకి కొట్టుకుని తిరిగొచ్చేంత గట్టిగా. లేయా లేచి నిలబడింది. పేరు పిలిచారు కదా, పలికింది. అంతే ఆవిడకి. ముందు వరసలో మా ఆయన చటుక్కున వెనక్కి తిరిగారు. జనం తలలన్నీ తిరిగాయి. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

బావగారు కాగితం లోంచి తలెత్తి ఆవిడ్ని చూశారు. ఏమనుకున్నారో ఏమో, మళ్ళీ మొదట్నించీ, ఈసారి ఆగకుండా చదివారు.

"లేయా మామిడి యార్డులో కాయలేరుతూ ఈ కథలు చెప్పారు."

ఆయన చదవడం పూర్తయ్యే దాకా లేయా నిలబడే ఉంది. నేనూ లేచి నిలబడ్డాను.